రోడ్‌మ్యాప్, రిలీజ్ ప్లాన్: కస్టమర్‌కి ఏది, టీమ్‌కి ఏది?

రోడ్‌మ్యాప్ అని చూపించే స్లైడ్‌లో ప్రతి వరుసకీ తేదీ ఉందంటే అది రోడ్‌మ్యాప్ కాదు, ఎవరూ లెక్క కట్టని రిలీజ్ ప్లాన్. ఏ సమస్యని ముందు తీరుస్తాం, ఎందుకు అనేది రోడ్‌మ్యాప్ చెప్పాలి. ఫలానా వెర్షన్‌లో ఏమేం వస్తాయి, ఎవరు చేస్తున్నారు, ఏ రోజుకి అనేది రిలీజ్ ప్లాన్ పని.

జీఎస్టీ ఈ-ఇన్వాయిస్ సంగతే చూడండి, అంటే బిల్లుల్ని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలన్న నిబంధన. 2020 అక్టోబర్‌లో 500 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లతో మొదలై, పరిమితి తగ్గుతూ తగ్గుతూ 2022 అక్టోబర్‌కి 10 కోట్లకి వచ్చింది. చిన్న వ్యాపారులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ అప్పట్లో దాన్ని రోడ్‌మ్యాప్‌లో "తర్వాత" అనే వరుసలో పెట్టుకుంటే తప్పేం లేదు. కస్టమర్‌కి కూడా "పరిమితి మీ టర్నోవర్ దాకా వచ్చేసరికి మా దగ్గర ఉంటుంది" అని చెబితే చాలు, నెల చెప్పక్కర్లేదు. నెల చెబితే సేల్స్ వాళ్లు దాన్ని కొటేషన్‌లో రాసేస్తారు, ఇక అది మాట ఇచ్చినట్టే.

2023 మే 10న నోటిఫికేషన్ వచ్చింది: ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటితే తప్పనిసరి. ఇక్కడ రోడ్‌మ్యాప్ సరిపోదు, రిలీజ్ ప్లాన్ కావాల్సిందే, అదీ ఆఖరి తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ. షాపువాళ్లు పోర్టల్‌లో రిజిస్టర్ అయి ఒకటి రెండు బిల్లులు వేసి చూసుకోవడానికి రెండు వారాలు ఇస్తే రిలీజ్ జులై మధ్యకి అవ్వాలి, అంటే జులై మొదటి వారంలో కోడ్ ఫ్రీజ్, జూన్ అంతా శాండ్‌బాక్స్‌లో టెస్టింగ్. టైమ్ చాలకపోతే ఏం తీసేయాలో టీమ్ అప్పుడే తేల్చుకోవాలి. బిల్లు పోర్టల్‌కి పంపి ఐఆర్ఎన్ అనే నమోదు నంబర్, క్యూఆర్ కోడ్ తెచ్చుకోవడం, 24 గంటల్లోపు దాన్ని రద్దు చేయడం ఉండి తీరాలి. వందల బిల్లులు ఒకేసారి పంపే సౌకర్యం తర్వాతి రిలీజ్‌కి వెళ్లినా కొంప మునగదు.

టీమ్‌కి రెండూ చూపించాలి, కానీ రోడ్‌మ్యాప్ ముందు. బిల్లు రద్దు సౌకర్యం ఎందుకు తీసేయకూడదో తెలియని డెవలపర్, టెన్షన్‌లో ముందు దాన్నే పక్కన పెట్టేస్తాడు, ఎందుకంటే అది చిన్న పనిలా కనిపిస్తుంది.

కస్టమర్‌కి మాత్రం నా ఓటు రోడ్‌మ్యాప్‌కే. రిలీజ్ తేదీ కోడ్ ఫ్రీజ్ అయ్యాకే చెప్పాలి. ఇలా చట్టం గడువు ఉన్నప్పుడు ఒక్కటే మినహాయింపు: తేదీ ముందే చెప్పాలి, ఏది రావట్లేదో కూడా చెప్పాలి. "ఒకేసారి పంపడం ఈ రిలీజ్‌లో లేదు, అప్పటిదాకా జేసన్ ఫైల్ దించుకుని పోర్టల్‌లో అప్‌లోడ్ చేయండి" అని జులైలోనే రాస్తే, ఆగస్టు 1న సపోర్ట్ వాళ్ల ఫోన్లు కొంచెం తక్కువ మోగుతాయి.