పేదరికపు నవలకు వాస్తవికత మేలా, సహజవాదం మేలా?

పాలమూరు వలసల మీద నవల రాయాలనుకునే యువ రచయితలు, నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఎం.ఏ. చదువుతున్న విద్యార్థులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. కరువును, అప్పును, ఆకలిని ఉన్నది ఉన్నట్టు రాస్తే అది వాస్తవికత అవుతుందా, సహజవాదం అవుతుందా అని. ఉన్నది ఉన్నట్టు రాయడం ఈ రెండింటికీ ఉమ్మడి లక్షణమే కాబట్టి దాన్నిబట్టి ఏదీ తేలదు. మురికివాడల వర్ణన, యాస, తిట్లు, కూలి రేట్లు రెండింటిలోనూ కనిపిస్తాయి. నా దృష్టిలో తేల్చి చెప్పేది ఒకే అంశం: కథ మలుపు తిరిగే చోట పాత్ర తీసుకున్న నిర్ణయం కథను నిజంగా నడిపిస్తున్నదా, లేక పుట్టుకా పరిసరాలూ ముందే నిర్ణయించిన దాన్ని ఆ పాత్ర నోటితో పలుకుతున్నదా? మొదటిది వాస్తవికత, రెండోది సహజవాదం.

సహజవాదానికి మూలపురుషుడు ఫ్రెంచ్ నవలాకారుడు ఎమీల్ జోలా. 1877లో వచ్చిన ఆయన నవల 'లసొమ్వార్'లో జెర్వేజ్ పారిస్‌లో బట్టలుతికే మనిషి. ప్రియుడు ఆమెనూ ఇద్దరు పిల్లలనూ వదిలిపోయాక, ఇంటి కప్పులకు రేకులు వేసే కూపో ఆమెను పెళ్ళికి అడుగుతాడు. అప్పుడు వాళ్ళిద్దరూ సారా దుకాణంలోనే కూర్చుని ఉంటారు. జెర్వేజ్ సారాలో నానబెట్టిన ప్లమ్ పండు తిని, అడుగున మిగిలిన సారాను ముట్టకుండా వదిలేస్తుంది. పని చేసుకోవాలి, రోజూ రొట్టె దొరకాలి, పడుకోవడానికి శుభ్రమైన చోటుండాలి, దెబ్బలు తినకూడదు, తన మంచం మీదే చావాలి అని తన కోరికలు చెప్పుకుంటుంది. నవల ఆ కోరికలను ఒక్కొక్కటిగా కాలరాస్తుంది. పుట్టింట్లో ఉన్నప్పుడు తల్లితో కలిసి తాగేదాన్నని కూడా ఆమె ఆ సంభాషణలోనే చెబుతుంది. తర్వాతి పతనానికి విత్తనం అక్కడే పడిందని పాఠకుడికి చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

జరిగే ప్రతిదాన్నీ ముందున్న కారణాలే నిర్ణయిస్తాయనే నియతివాదం కథను ఎలా మలుస్తుందో చూడాలంటే కూపో కప్పు మీదినుంచి పడిపోయే ఘట్టాన్ని జాగ్రత్తగా చదవాలి. పైపైన చూస్తే అది ప్రమాదం. కానీ కుటుంబాన్ని కూల్చింది పడిపోవడం కాదు, ఆ తర్వాత జరిగినవి. జెర్వేజ్ భర్తను ఆసుపత్రికి పంపనని పట్టుబట్టి ఇంట్లోనే చూసుకుంటుంది, సొంతంగా బట్టలుతికే దుకాణం పెట్టడం కోసం కూడబెట్టిన డబ్బంతా అందులో కరిగిపోతుంది. నెలల తరబడి ఖాళీగా కూర్చున్న కూపోకు పని మీద కసి పుట్టి, సారా దుకాణానికి దారి అలవాటవుతుంది. దుకాణం పెట్టాలంటే ఇక పొరుగున ఉన్న కమ్మరి గూజే దగ్గర ఐదు వందల ఫ్రాంకుల అప్పు తీసుకోక తప్పదు. ప్రతి మెట్టూ కింది మెట్టును సిద్ధం చేస్తుంది, ఎక్కడా వెనక్కి దారి ఉండదు. కథ మెట్లు దిగడమంటే ఇదే. కష్టాలను వరుసగా పేర్చి రాసిన కథ దీనిలాగే అనిపించవచ్చు గానీ, అందులో ఒక కష్టం మరో కష్టానికి కారణం కాదు. పశువు చావడం, కొడుకు జబ్బు పడటం, వానకు పంట కొట్టుకుపోవడం, వీటి మధ్య లంకె లేకపోతే అది యాదృచ్ఛికమే తప్ప నియతి కాదు. మన దగ్గర రాసిన ప్రతుల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. ఆ అధ్యాయాల క్రమాన్ని తారుమారు చేసి చూడండి. కథకు ఏమీ కాకపోతే అక్కడ కార్యకారణం లేదని అర్థం.

గూజే తాగడు, కష్టపడతాడు, జెర్వేజ్‌ను నిజంగా ప్రేమిస్తాడు. అతణ్ణి చూసి ఇక్కడ మనిషికి స్వేచ్ఛ ఉందనుకుంటాం. కానీ అతని తండ్రి తాగిన మత్తులో తోటివాణ్ణి చంపి, జైల్లో జేబురుమాలుతో గొంతు బిగించుకుని చచ్చిపోయాడు. ఆ భయమే కొడుకును సారాకు దూరంగా ఉంచింది. అంటే అతని మంచితనం కూడా ఒక కారణానికి ఫలితమే. పైగా, బెల్జియం వెళ్ళిపోదామని అతను పిలిచినా జెర్వేజ్ కదలదు. సహజవాద నవలలో మంచివాడు కూడా కథను మళ్ళించలేడు.

ఇప్పుడు 1936లో వచ్చిన ప్రేమ్‌చంద్ 'గోదాన్' తీసుకుందాం. అందులోని రైతు హోరి కూడా పేదవాడుగానే చస్తాడు, అప్పు అతణ్ణీ వదలదు. ముగింపును మాత్రమే చూసేవారికి రెండు నవలలూ ఒకటే అనిపిస్తాయి. కానీ కొడుకు గోబర్ వల్ల గర్భవతైన ఝునియా ఇంటికి వచ్చినప్పుడు హోరి మొదట మండిపడతాడు, తర్వాత ఆమె కాళ్ళ మీద పడితే మనసు కరిగి ఇంట్లో ఉండనిస్తాడు. అందుకు పంచాయతీ వంద రూపాయలు, ముప్పై మణుగుల ధాన్యం జుర్మానా వేస్తుంది. కట్టొద్దని భార్య ధనియా ఎదురు తిరుగుతుంది, కులం మాట కాదనలేక హోరి కడతాడు. ఆ అమ్మాయిని గెంటేసి ఉంటే జుర్మానా లేదు, ధనియా మాట విని ఉంటే ధాన్యం ఇల్లు దాటేది కాదు. ఒకటి అతని దయ, రెండోది అతని పిరికితనం. రెండూ హోరివే, రెంటికీ అతనే మూల్యం చెల్లిస్తాడు. ఒకే పాకలో, ఒకే అప్పు కింద, ఒకే కులంలో ఉండి ధనియా మరోలా మాట్లాడగలదు. నాకు వాస్తవికతకు గుర్తు ఇదే: పరిస్థితి ఒకటే అయినా ఇద్దరు మనుషులు రెండు దారులు చూస్తారు, ఆ తేడాకు కథలో విలువ ఉంటుంది.

 

పాలమూరు కథకు అన్వయిస్తే తేడా ఇంకా స్పష్టమవుతుంది. ఒకడు కూలీలను వలస పనులకు తీసుకెళ్ళే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుంటున్న ఘట్టం అనుకోండి. సహజవాదైతే ముందు అధ్యాయాల్లోనే ఎండిన బోరు, చెల్లెలి పెళ్ళి అప్పు, తండ్రి తాగుడు పేర్చి, అతని చెయ్యి నోట్ల కోసం తనంతట తానే చాచేలా రాస్తాడు. వాస్తవికవాది ఆ గదిలోకి భార్యను కూడా తెస్తాడు. "పిల్లను అవ్వ దగ్గర ఇడిసిపోదాం, బడి మానొద్దు, తక్కువ తీస్కో" అని ఆమె అంటుంది. అతను వింటాడో లేదో తెలియదు. తక్కువ తీసుకుంటే ఊళ్ళో అప్పు వడ్డీ పెరుగుతుంది, ఎక్కువ తీసుకుంటే సీజను అయిపోయినా మేస్త్రి తిరిగి రానివ్వడు. రెండు వైపులా నష్టమే అయినా రెండు వేర్వేరు నష్టాలు, వాటిలో ఏది అన్నది అతని గుణాన్ని బయటపెడుతుంది. పేదవాడికి ఎంపికలు తక్కువ, నిజమే. అసలు ఎంపికే లేదని రాస్తే మాత్రం అతణ్ణి రైలు పట్టాల మీద బండిగా చూపినట్టే. నా మొగ్గు వాస్తవికత వైపే.

కానీ ఒక చోట సహజవాదం చేతిలో ఉన్న పనిముట్టు వాస్తవికతకు లేదు, అది శరీరం. మర్రిగూడ, మునుగోడు ప్రాంతంలో ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిన మనిషి నవల రాస్తే, అక్కడ గుణానికి చేసే పనేమీ ఉండదు. గ్రానైటు రాళ్ళలోంచి నీటిలోకి దిగిన ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే, ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవాడు మంచివాడా చెడ్డవాడా అని చూడవు. పళ్ళమీద మచ్చ, తర్వాత కీళ్ళ బిగుతు, తర్వాత వెన్ను వంగడం, ఈ క్రమాన్ని వైద్యుడి ఓపికతో రాయడం జోలా దగ్గరే నేర్చుకోవాలి. 1880 నాటి వ్యాసంలో ఆయన తనది నియతివాదమే గాని విధివాదం కాదని వాదించడానికి కారణం కూడా ఇక్కడే తెలుస్తుంది. తలరాతను ఆపలేం, కారణం తెలిసిన రోగాన్ని అడ్డుకోవచ్చు. తాగే నీళ్ళు మారితే తర్వాతి తరం ఎముకల కథా మారుతుంది. వంశపారంపర్యం గురించి ఆయన నమ్మిన శాస్త్రం తర్వాత నిలవలేదు, దాన్ని వదిలేయవచ్చు. అందుకే ఇలాంటి నవల రాసేవారికి నేను చెప్పేది: వంగిన వెన్నును జోలాలా రాయండి, ఆ వెన్నుతోనే పక్క ఊరి నుంచి మంచి నీళ్ళు మోసుకొచ్చేందుకు ఎవరు పూనుకున్నారు, ఎవరు మానుకున్నారు అన్నది ప్రేమ్‌చంద్‌లా రాయండి.