నాలుగున్నరేళ్లుగా వాడుతున్న గర్భనిరోధక మాత్రలు: తెల్ల మాత్రల మొదటి వారం గురించి

తిరుపతిలో కాపురం పెట్టి, ఒక పాప పుట్టి, ఆ పాప తల్లిపాలు మానేసిన తరువాత నేను గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టాను. ఇప్పటికి నాలుగున్నరేళ్లు గడిచాయి. నేను వాడేది రెండు హార్మోన్లు కలిసిన మాత్ర: ఒక్కో తెల్ల మాత్రలో 0.15 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్, 0.03 మిల్లీగ్రాముల ఎథినైల్ ఎస్ట్రడయోల్ ఉంటాయి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ లో ఉండేదీ ఇదే మోతాదు. షీట్‌లో 28 మాత్రలు ఉంటాయి. వాటిలో మొదటి 21 తెల్లవి, చివరి 7 గోధుమ రంగువి. ఆ గోధుమ రంగు మాత్రల్లో హార్మోన్ ఏదీ ఉండదు, ఐరన్ మాత్రమే ఉంటుంది. ఈ ఒక్క విషయం నాకు ముందే సరిగ్గా అర్థమై ఉంటే, రెండేళ్ల కిందట మూడు వారాలపాటు నిద్ర లేకుండా గడిపే అవసరం వచ్చేది కాదు.

మొదట మామూలు అనుభవం చెబుతాను. తొలి రెండు మూడు నెలల్లో మధ్యమధ్యలో కొద్దిగా రక్తం కనిపించేది, ఉదయం వేసుకుంటే కడుపులో తిప్పేది. రాత్రి 9 గంటలకు, భోజనమయ్యాక వేసుకోవడం మొదలుపెట్టాక ఆ తిప్పుడు పోయింది, నాలుగో నెలకు రక్తపు చుక్కలూ ఆగిపోయాయి. అంతకు ముందు నెలకు రెండు రోజులు పడుకోబెట్టే కడుపునొప్పి బాగా తగ్గింది. మొదలుపెట్టేముందు డాక్టరు బీపీ చూశారు, పొగ తాగే అలవాటుందా, కళ్లముందు మెరుపులు కనిపించే తలనొప్పి వస్తుందా, కాళ్లలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా అని అడిగారు. ఈ ప్రశ్నలు అడగకుండానే మాత్రలు చేతిలో పెట్టే మందుల షాపులు ఉన్నాయి. ఆ పద్ధతి నాకు నచ్చదు.

ఇక అసలు సంగతి. మా చిన్నాన్న కూతురి సీమంతం చిత్తూరులో మా అమ్మవాళ్లింట్లో మంగళవారం జరిగింది. మేము శనివారమే వెళ్లాం. అప్పటికి నా షీట్‌లో చివరి గోధుమ రంగు మాత్రలు నడుస్తున్నాయి, ఆదివారంతో అవి అయిపోయాయి. కొత్త షీట్ సోమవారం రాత్రి మొదలుపెట్టాలి, కానీ అది తిరుపతి ఇంట్లో బీరువాలో ఉండిపోయింది. నాకు ఆ విషయం గుర్తు రాకపోవడానికి కారణం వట్టి మరపు కాదు. మధ్యలో మాత్ర మానకూడదని నాకు తెలుసు. కానీ షీట్ అయిపోయి కొత్తది మొదలుపెట్టే మధ్యలో రెండు మూడు రోజులు అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే, నెలసరి కూడా ఇప్పుడే వచ్చి వెళ్లింది కదా అన్న ధీమా మనసులో ఉండేది. బుధవారం రాత్రి తిరుపతి చేరాం, ఆ రాత్రి భార్యాభర్తలం కలిశాం. గురువారం పొద్దున చీరలు సర్దుతూ బీరువా తెరిస్తే, ఒక్క మాత్ర కూడా తియ్యని కొత్త షీట్ కనిపించింది.

ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించనిది. ఎన్ని మాత్రలు మానావు అని కాదు, "ఆఖరి తెల్ల మాత్ర ఏ రోజు వేసుకున్నావమ్మా?" అని అడిగారు. లెక్క వేస్తే అది కిందటి వారానికి ముందు ఆదివారం. "అంటే ఆ మర్నాడు సోమవారం నుంచి మొన్న ఆదివారం దాకా మాత్రమే కాదు, నిన్న బుధవారం దాకా నీ ఒంట్లోకి మందు వెళ్లలేదు. నువ్వు మానింది మూడు మాత్రలు కాదు, పది రోజులు," అన్నారు. నేను మూడు రోజులే అనుకుంటూ వచ్చాను. ఐరన్ మాత్రలు వేసుకున్న ఏడు రోజులు కూడా లెక్కలోకి వస్తాయని ఆ క్షణం దాకా నాకు తోచలేదు.

ఆమె ఒక కాగితం మీద గీసి వివరించిన దాన్ని, తరువాత నేను చదివి అర్థం చేసుకున్న దానితో కలిపి ఇక్కడ రాస్తున్నాను. మామూలుగా ప్రతి నెలా మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. దాని ప్రభావంతో అండాశయంలో ఫాలికిల్స్ పెరుగుతాయి. ఫాలికిల్ అంటే లోపల అండం ఉండే చిన్న నీటి సంచి. వాటిలో ఒకటి మిగతావాటిని మించి 20 మిల్లీమీటర్ల దాకా పెరిగాక, అదే పిట్యూటరీ నుంచి ఎల్‌హెచ్ అనే మరో హార్మోన్ ఒక్కసారిగా ఎగసి, ఆ సంచి పగిలి అండం బయటికి వస్తుంది. మాత్రలోని రెండు హార్మోన్లు రెండు చోట్ల అడ్డం పడతాయి. ఎథినైల్ ఎస్ట్రడయోల్ ముఖ్యంగా ఎఫ్‌ఎస్‌హెచ్‌ను అణచిపెట్టి ఫాలికిల్‌ను పెరగనివ్వదు, లెవోనార్జెస్ట్రెల్ ముఖ్యంగా ఎల్‌హెచ్‌ను ఎగసిపడనివ్వదు. ఒంట్లో హార్మోన్ ఇప్పటికే చాలినంత ఉందని మెదడు భావించి, అండాశయానికి పని చెప్పడం మానేస్తుంది. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడి వీర్యకణాలను ఆపడం కూడా ఉంది గానీ, ప్రధానంగా పనిచేసేది అండం విడుదల కాకుండా ఆపడమే.

అయితే ఈ అణచివేత శాశ్వతమైనది కాదు. తెల్ల మాత్ర ఆగిన కొద్ది రోజులకే ఎఫ్‌ఎస్‌హెచ్ మళ్లీ పెరగడం మొదలవుతుంది, ఫాలికిల్స్ కదులుతాయి. ఐరన్ మాత్రల వారం ముగిసేసరికి కొందరిలో ఒక ఫాలికిల్ 10 మిల్లీమీటర్ల దాకా వచ్చేసి ఉంటుంది. ఆ దశలో కొత్త షీట్ మొదలుపెడితే అది అక్కడే ఆగిపోతుంది. ఆలస్యమైతే ఆపడం కష్టమవుతూ పోతుంది, బాగా పెరిగిపోయిన ఫాలికిల్ మాత్ర వేసుకున్నా చాలామందిలో ఆగదు. పొయ్యి మీది పాలు కొంచెం పొంగినప్పుడు చల్లిన నీళ్లకూ, అంచు దాటాక చల్లిన నీళ్లకూ ఉన్న తేడా ఎలాంటిదో ఇదీ అలాంటిదే. మేలుకున్న అండాశయాన్ని మళ్లీ పూర్తిగా నిద్రపుచ్చడానికి వరుసగా ఏడు తెల్ల మాత్రలు కావాలి. అందుకే ఏడు రోజుల విరామం అనేది భద్రతకు దాదాపు చివరి హద్దు. షీట్ మొదట్లో మాత్రలు మానడమంటే ఆ హద్దును దాటించడం.

ఇది విన్నాక, అంతకు ముందు సంవత్సరం జరిగిన ఇంకో సంగతి నాకు వేరే వెలుగులో కనిపించింది. అప్పుడు జ్వరంతో పడి షీట్‌లో 11, 12 మాత్రలు రెండూ మానాను, ఇదే డాక్టరు పెద్దగా కంగారుపడలేదు. అత్యవసర మాత్ర అవసరం లేదని, జాగ్రత్త కోసం ఏడు రోజులు కండోమ్ వాడమని మాత్రమే అన్నారు. దానికి ముందు వరుసగా పది మాత్రలు వేసుకుని ఉన్నాను కాబట్టి అప్పటికే అండాశయం నిద్రలో ఉంది. అవే రెండు మాత్రలు ఒకటి, రెండు సంఖ్యలవి అయి ఉంటే మాట మారేది. మూడో వారంలో మానితే దారి ఇంకొకటి: మిగిలిన తెల్లవి పూర్తిచేసి, గోధుమ రంగువి వదిలేసి, విరామం లేకుండా వెంటనే కొత్త షీట్ మొదలుపెట్టడం. ఒక్క మాత్ర మాత్రమే మరిస్తే, ఏ వారమైనా సరే, గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, దాని వల్ల ఒకే రోజు రెండు పడినా ఫర్వాలేదు. ఎన్ని మానితే జాగ్రత్త పడాలనే దాని మీద రెండు అని కొన్ని మార్గదర్శకాలు, మూడు అని కొన్ని చెబుతాయి. మా డాక్టరు రెండే పాటిస్తారు, నేనూ అదే పాటిస్తున్నాను.

గురువారం నాడు ఆమె చేయించినవి ఇవి. అక్కడికక్కడే ఒక తెల్ల మాత్ర వేసుకున్నాను. మానిన మూడూ కలిపి వేసుకోనా అని అడిగితే, దాటిపోయినవి దాటిపోయినట్టే, వాటిని ఒకేసారి మింగితే వాంతులు తప్ప లాభం లేదన్నారు. రాత్రి 9 గంటలకు మామూలు మాత్ర యథావిధిగా వేసుకోమన్నారు. బుధవారం రాత్రి జరిగిన కలయిక కోసం అత్యవసర మాత్ర రాశారు. అది 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్, అంటే నా రోజువారీ మాత్రలో ఉన్నదానికి పది రెట్లు. 72 గంటల లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. అది అండం విడుదలను వాయిదా వేయగలదు గానీ, ఎల్‌హెచ్ అప్పటికే ఎగసి ఉంటే చేయగలిగింది తక్కువ. అంతకు ముందు అయిదు రోజుల్లో ఎప్పుడెప్పుడు కలిశారో కూడా అడిగారు, ఎందుకంటే వీర్యకణాలు ఒంట్లో అయిదు రోజుల దాకా బతికి ఉండగలవు. ఇబ్బందిగా అనిపించినా, ఆ ప్రశ్నలకు నిజం చెప్పకపోతే సలహా తప్పుతుంది. ఏడు రోజులు కండోమ్, మూడు వారాల తరువాత మూత్ర పరీక్ష.

ఆ మూడు వారాలు నన్ను ఎక్కువగా వేధించింది ఒక ఆలోచన. తరువాతి ఐరన్ వారంలో రక్తం కనిపిస్తే ఇక భయం లేదనుకోవచ్చా అని. అది నిజమైన నెలసరి కాదని, హార్మోన్ ఆగినందుకు గర్భాశయపు పొర రాలడం మాత్రమేనని, గర్భం నిలిచినా కొందరిలో కాస్త రక్తం కనిపించవచ్చు కాబట్టి పరీక్ష తప్పదని ఆమె ముందే చెప్పారు. పరీక్షలో ఒక్క గీతే వచ్చింది. మావారికి ఆ గీత చూపించాక గానీ మా ఇద్దరికీ అన్నం సహించలేదు.

ఇన్నేళ్ల వాడకంలో నా అభిప్రాయం ఇది. మాత్ర మంచిదే, సరిగ్గా వాడితే ఏడాదికి నూరుమందిలో ఒకరికైనా గర్భం రాదు. మామూలుగా మనుషులు వాడే తీరులో మాత్రం ఆ సంఖ్య ఏడు దాకా ఉంటుంది, ఆ తేడా చాలావరకు మరపులోనే ఉంది. షీట్ మీద నాకున్న ఫిర్యాదు ఒకటే: వెనకాల ముద్రించిన బాణాలు 28 మాత్రలనూ ఒకే విలువ ఉన్నట్టు చూపిస్తాయి. గోధుమ రంగు మాత్ర మరిచినా ఏమీ కాదు, మొదటి తెల్ల మాత్ర మరిస్తే చాలా అవుతుంది, ఆ తేడా చెప్పే గీత ఒక్కటీ లేదు.

ఆ సంఘటన తరువాత డాక్టరును అడిగి విరామాన్ని ఏడు నుంచి నాలుగు రోజులకు తగ్గించుకున్నాను. నెలనెలా ఏడు రోజులు రక్తం పోవాలన్న వైద్యపరమైన అవసరం ఏమీ లేదని, విరామం తగ్గితే ఫాలికిల్ పెరగడానికి దొరికే సమయమూ తగ్గుతుందని ఆమె అన్నారు. నాలుగు గోధుమ రంగు మాత్రలు అయ్యాక మిగిలిన మూడూ పారేసి, అయిదో రోజు రాత్రి 9 గంటలకు కొత్త షీట్ మొదలుపెడతాను. ఇప్పుడు నా హ్యాండ్‌బ్యాగులో పాత షీటుకు రబ్బరు బ్యాండుతో కొత్త షీటు ఎప్పుడూ కట్టే ఉంటుంది, కొత్తదాని మొదటి ఏడు మాత్రల వెనక ఎర్ర స్కెచ్ పెన్నుతో నేనే గీసుకున్న గీత ఉంటుంది.