మూడేళ్లు పరీక్షల ఛానెల్ నడిపాక: దీంతో ఇల్లు గడుస్తుందా?

పోటీ పరీక్షలకు అర్థమెటిక్, కరెంట్ అఫైర్స్ చెప్పే యూట్యూబ్ ఛానెల్‌ను మూడేళ్లుగా నడుపుతున్నాను, ఉద్యోగం చేసుకుంటూనే. మానిటైజేషన్ రావడానికి 14 నెలలు పట్టింది. దానికి కావాల్సిన వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు త్వరగానే వచ్చారు, ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలన్న షరతు దగ్గరే ఆగిపోయాను. సగటున ఒక్కొక్కరు 3 నిమిషాలు చూస్తే అందుకు 80,000 వ్యూస్ కావాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఇందులో కలవదని తెలియక నాలుగు నెలలు షార్ట్స్ మీదే కూర్చున్నాను.

డబ్బులు మొదలయ్యాక అసలు లెక్క వేశాను. యూట్యూబ్ స్టూడియోలో ఆర్‌పీఎం కనిపిస్తుంది. యూట్యూబ్ వాటా పోగా వెయ్యి వ్యూస్‌కు మన చేతికి వచ్చేది అదే. నెల ఖర్చును దాంతో భాగించి వెయ్యితో హెచ్చవేస్తే, నాకు నెలకు 3 లక్షల వ్యూస్ కావాలని తేలింది. పరీక్ష ఉన్న నెలలో 2 లక్షలు దాటాయి, ఇంకెంత దూరం అనుకున్నాను. పరీక్ష అయిపోయిన మరుసటి నెల 38,000! ఏడాది సగటు తీస్తే 90,000. అంటే అవసరంలో మూడో వంతు కూడా కాదు. పాసైనవాళ్లకు మళ్లీ మనతో పని ఉండదు, అది సహజమే. అందుకే మంచి నెలను చూసి రాజీనామా ఆలోచన చేయకండి, 12 నెలల సగటు చూడండి.

ఆ 38,000 ఎక్కడి నుంచి వచ్చాయో వీడియోల వారీగా చూశాను. కరెంట్ అఫైర్స్ వీడియోలు దాదాపు సున్నా. రెండేళ్ల కిందటి శాతాల వీడియో ఒక్కటే 9,000 తెచ్చింది, ఎక్కువగా సెర్చ్ నుంచే. దాని రిటెన్షన్ గ్రాఫ్ తెరిస్తే మొదటి 40 సెకన్లలో, నేను నమస్కారాలు చెబుతున్నంతసేపు, గీత జారిపోతోంది. 6వ నిమిషంలో, వరుసగా రెండుసార్లు ధర తగ్గించే లెక్క దగ్గర, పైకి లేస్తోంది. అక్కడ జనం వెనక్కి వెళ్లి మళ్లీ చూస్తున్నారన్నమాట. 20 శాతం తగ్గించి, మళ్లీ 10 శాతం తగ్గిస్తే మొత్తం 30 కాదు, 28 ఎందుకవుతుందో బోర్డు మీద తాపీగా చూపించిన చోటు అది. ఆ గీత చూసినప్పుడు కలిగిన సంతోషం మానిటైజేషన్ వచ్చిన రోజు కూడా కలగలేదు.

అప్పటి నుంచి నా కొలమానం ఒకటే: పరీక్షలు లేని నెలలో, ఏడాది దాటిన వీడియోల వల్ల ఎన్ని వ్యూస్ వస్తున్నాయి? కొత్త వీడియో పెట్టకపోయినా వచ్చేవి అవే. కరెంట్ అఫైర్స్ ఆపేశాను. ఒక్కో వీడియోకు 11 గంటలు పడుతున్నా లెక్కల అధ్యాయాలే చేస్తున్నాను. మొన్నటి ఖాళీ నెలలో పాత వీడియోలే 70,000 తెచ్చాయి. ఉద్యోగం మాత్రం మానలేదు.