పేరు ముందా, ప్రశ్న ముందా?

ఎవరూ నోరు విప్పని క్లాసులో టీచర్లు ఎక్కువగా వాడేది పేరుతో లేపడం. "రమేశ్, లే! బాష్పీభవనం అంటే ఏమిటి?" పేరు వినగానే మిగతా పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు, ఇక వాళ్లు ఆలోచించరు. రమేశ్‌కేమో టెన్షన్. నిర్వచనం, సూత్రం లాంటివి గుర్తున్నాయో లేదో చూడాలంటే ఇది చాలు, అక్కడ ఎక్కువసేపు ఆగితే టైమ్ వేస్ట్.

రెండో పద్ధతిలో ముందు ప్రశ్న, తర్వాత మౌనం, చివర్లో పేరు. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో గమనించినదేమిటంటే, టీచర్లు సాధారణంగా ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, "తెలీదు"లు తగ్గాయి. జవాబు విన్నాక కూడా అంతసేపు ఆగాలంటారామె. మనం వెంటనే "గుడ్" అనేస్తాం కాబట్టి పిల్లాడి రెండో వాక్యం బయటికి రాదు.

"ఎండలేని రోజు కూడా గాలి వీస్తే బట్టలు ఎందుకు త్వరగా ఆరతాయి?" అని అడిగి చూడండి. బొత్తిగా మాట్లాడని క్లాసుకు మౌనం ఒక్కటే సరిపోదు, అది వాళ్లకు శిక్షలా ఉంటుంది. ఒక నిమిషం నోట్‌బుక్‌లో రాయించి, పక్కవాళ్లతో మాట్లాడించి, అప్పుడు పేరు పిలవండి. "మీ ఇద్దరూ ఏమనుకున్నారు?" అంటే తప్పయినా ఒక్కడి మీద పడదు. "గాలి వేడిగా ఉంటుంది కాబట్టి" అన్నారా? "మరి చల్లగాలికి కూడా ఆరతాయి కదా?" అని అడిగి, మళ్లీ ఆగండి. ఎందుకు, ఎలా ప్రశ్నలకైతే నా ఓటు దీనికే.