మెటాలిక్-రఫ్‌నెస్, స్పెక్యులర్-గ్లాసీనెస్: నగల మోడళ్ల మీద ఏళ్లు వాడాక నా అభిప్రాయం

నేను నగల త్రీడీ మోడళ్లు చేస్తాను. ఎక్కువగా కెంపుల హారాలు, కాసులపేరు లాంటివి. మోడల్ ఉపరితలం రంగు, మెరుపు ఎలా ఉండాలో మ్యాప్‌లలో రాయడానికి రెండు పద్ధతులున్నాయి. పాత మోడళ్లన్నీ స్పెక్యులర్-గ్లాసీనెస్‌లో ఉన్నాయి, కొత్తవి మెటాలిక్-రఫ్‌నెస్‌లో చేస్తున్నాను. రెండూ చాలాకాలం వాడాక చెబుతున్నాను: కొత్త పనికి మెటాలిక్-రఫ్‌నెస్సే మేలు. పాతదాన్ని మార్చాలా వద్దా అన్నది మాత్రం అందులో రాళ్లు ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

స్పెక్యులర్-గ్లాసీనెస్‌లో వస్తువు సొంత రంగు డిఫ్యూజ్ మ్యాప్‌లో, ఎదురుగా చూసినప్పుడు మెరిసే రంగు స్పెక్యులర్ మ్యాప్‌లో వేరువేరుగా రాస్తాం. బంగారానికి డిఫ్యూజ్ నలుపు, స్పెక్యులర్ పసుపు (లీనియర్‌లో సుమారు 1.0, 0.77, 0.34). మెటాలిక్-రఫ్‌నెస్‌లో ఈ రెండింటికీ కలిపి ఒకటే బేస్ కలర్ ఉంటుంది. అది లోహపు మెరుపా, మామూలు రంగా అన్నది మెటాలిక్ మ్యాప్ చెబుతుంది. లోహం కాని ప్రతిదానికీ మెరుపు 0.04 దగ్గర స్థిరం. చెక్క, ప్లాస్టిక్, తోలు లాంటి వాటికి ఆ అంకె దాదాపు సరిపోతుంది కాబట్టి తప్పు చేయడానికి చోటు తక్కువ. స్పెక్యులర్-గ్లాసీనెస్‌లో అయితే డిఫ్యూజ్, స్పెక్యులర్ రెండూ తెల్లగా పెట్టి, పడిన వెలుగు కంటే ఎక్కువ వెనక్కి పంపే వస్తువును కూడా తయారు చేసేయొచ్చు.

చిక్కు వచ్చేది కెంపు దగ్గర. కెంపు వక్రీభవన గుణకం 1.77. దాని మెరుపు 0.077 చుట్టూ ఉంటుంది, అంటే 0.04కి దాదాపు రెట్టింపు. స్పెక్యులర్ మ్యాప్‌లో ఆ అంకెను నేరుగా రాసుకోవచ్చు. మెటాలిక్-రఫ్‌నెస్ మూలరూపంలో దానికి చోటే లేదు. అందుకే మార్చే ప్రోగ్రామ్ ఊహకు దిగుతుంది: డిఫ్యూజ్, స్పెక్యులర్ ప్రకాశాలు చూసి 'ఇది ఎంత లోహం?' అని లెక్కగడుతుంది.

జీఎల్‌టీఎఫ్ ప్రమాణాన్ని నడిపే ఖ్రోనోస్ సంస్థ ఇచ్చిన మార్పిడి సూత్రంలో ముదురు ఎరుపు డిఫ్యూజ్ (0.3, 0.01, 0.03), స్పెక్యులర్ 0.077 పెట్టి చూస్తే మెటాలిక్ సుమారు 0.22 వస్తుంది. అంటే కెంపులో ఐదో వంతుకు పైగా లోహం అన్నమాట! తెరమీద దీన్ని గుర్తుపట్టడం తేలికే. కిటికీ వెలుగు కెంపు మీద తెల్లగా పడాలి, ఇక్కడ ఎర్రటి ఛాయతో కనిపిస్తుంది. డిఫ్యూజ్ పూర్తిగా నలుపై, స్పెక్యులర్ 0.04 దాటిందంటే అదే సూత్రం మెటాలిక్ 1 ఇస్తుంది. నల్లరాయి కాస్తా నల్లటి లోహం అయిపోతుంది.

అందుకే మార్చిన వెంటనే మెటాలిక్ మ్యాప్ హిస్టోగ్రామ్ చూస్తాను. రెండు చివర్లలోనే గుట్టలుంటే మంచిది, మధ్యలో బూడిదరంగు గుట్ట కనిపిస్తే రాళ్ల సంగతి అనుమానించాలి. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. స్పెక్యులర్ మ్యాప్ ఎస్ఆర్‌జీబీలో ఉంటుంది, అందులో 0.04 అంటే 255కి 56. దాన్ని లీనియర్ అనుకుని చదివితే 0.22 అవుతుంది, దాంతో చెక్క పెట్టె కూడా లోహం వైపు జరుగుతుంది.

వెబ్‌లో చూపించాలంటే ఇప్పుడు మార్చక తప్పదు. వెబ్‌లో త్రీడీ మోడళ్లకు వాడే ఫైల్ ఫార్మాట్ జీఎల్‌టీఎఫ్ 2.0 మూలంలో ఉన్నది మెటాలిక్-రఫ్‌నెస్సే. `KHR_materials_pbrSpecularGlossiness` పొడిగింపును పక్కన పెట్టేశారు, three.js లోడర్ కూడా దాన్ని తీసేసింది. ఇక్కడ ఊహ అవసరం లేని దారి ఒకటుంది:

```
gltf-transform metalrough haram.glb haram-mr.glb
```

ఇది మెటాలిక్‌ను లెక్కగట్టదు. మెటాలిక్ 0 పెట్టి, `KHR_materials_ior`లో వక్రీభవన గుణకాన్ని 1000 చేసి, పాత స్పెక్యులర్ రంగును `KHR_materials_specular`లోకి తెస్తుంది. అంత పెద్ద గుణకం వల్ల మెరుపు 1కి చేరువవుతుంది, దాన్ని స్పెక్యులర్ రంగు గుణిస్తుంది. కాబట్టి కెంపు 0.077 దగ్గరే ఉంటుంది, బంగారమూ బంగారంలానే ఉంటుంది. పరిమితి ఒక్కటే: ఈ రెండు పొడిగింపులు తెలియని వ్యూయర్‌లో బంగారం దాదాపు నల్లగా కనిపిస్తుంది. కస్టమర్ ఏ వ్యూయర్‌లో చూస్తారో తెలియని ఫైల్‌కు ఈ దారి వాడను.

అలాంటప్పుడు బంగారానికి 1, రాళ్లకు 0 అని మాస్క్ చేత్తో గీసుకుంటాను. కెంపులకు వేరే మెటీరియల్ ఇచ్చి గుణకం 1.77 పెడతాను. పొడిగింపు తెలియని చోట కెంపు మెరుపు కాస్త తగ్గుతుంది, అంతే. టెక్స్‌చర్లు గీసిన సబ్‌స్టెన్స్ పెయింటర్ ప్రాజెక్ట్ ఫైల్ దొరికితే ఈ పాటు కూడా అక్కర్లేదు, అక్కడినుంచే కొత్తగా ఎక్స్‌పోర్ట్ చేయడం ఎప్పుడూ మేలు.

రాయి, బంగారం కలిసే అంచు విషయంలో మాత్రం పాత పద్ధతే నాకు నచ్చుతుంది. సగం లోహం, సగం రాయి అయిన పిక్సెళ్లలో మెటాలిక్-రఫ్‌నెస్ పాలిపోయిన గీత చూపిస్తుంది, స్పెక్యులర్-గ్లాసీనెస్ నల్లటి గీత చూపిస్తుంది. రాళ్లు పొదిగిన చోట నల్లగీత నీడలా కలిసిపోతుంది, తెల్లగీత దగ్గరికి జూమ్ చేయగానే కంటికి తగులుతుంది. టెక్స్‌చర్ సైజు పెంచితే గీత సన్నబడుతుంది కానీ పోదు. అందుకే ఆఫ్‌లైన్ రెండర్‌తో ముగిసే క్యాటలాగ్ బొమ్మలకు పాత ఫైళ్లను ఇప్పటికీ మార్చకుండానే వాడుతున్నాను.