మెంఫిస్‌లో మూడు రోజులు: ఒక రికార్డు, రెండు వైపులు

డాలస్ నుంచి మెంఫిస్‌కు కారులో ఏడు గంటలు పట్టింది. రాక్ అండ్ రోల్ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామని నేనూ, మా బావమరిదీ వెళ్ళాం. అతను చిన్నప్పుడు ఆరేళ్ళు మృదంగం నేర్చుకున్నాడు. ఆ ఆరేళ్ళూ ఈ ట్రిప్‌లో పనికొచ్చాయి.

ఒక్క పూటే టైమ్ ఉంటే యూనియన్ అవెన్యూలో 706 నంబరు ఇంటికి, అంటే సన్ స్టూడియోకి వెళ్ళండి. పైన చిన్న మ్యూజియం, కింద అసలు రికార్డింగ్ గది. మా ఊళ్ళో పెళ్ళి భోజనాల షెడ్డు కూడా ఇంతకంటే పెద్దదే. 1954 జూలై 5 రాత్రి ఇక్కడ పంతొమ్మిదేళ్ళ ఎల్విస్ ప్రెస్లీ, గిటారిస్టు స్కాటీ మూర్, బాస్ వాయించే బిల్ బ్లాక్ నెమ్మది పాటలు పాడి పాడి అలిసిపోయారు. ఒక్కటీ కుదరలేదు. విరామంలో ఎల్విస్ సరదాగా ఆర్థర్ క్రుడప్ అనే నల్లజాతి గాయకుడి 1946 నాటి బ్లూస్ పాట ‘దట్స్ ఆల్ రైట్’ ఎత్తుకున్నాడు. మిగతా ఇద్దరూ అందుకున్నారు. యజమాని శామ్ ఫిలిప్స్ కంట్రోల్ రూమ్‌లోంచి తల బయటపెట్టి ఏం చేస్తున్నారని అడిగి, మళ్ళీ మొదటి నుంచి వాయించమన్నాడు.

ఆ రికార్డులో డ్రమ్స్ లేవు. బిల్ బ్లాక్ బాస్ తీగల్ని లాగి వదిలితే అవి చెక్కకు తగిలి టప్ టప్‌మంటాయి, తాళం అదే. శామ్ ఫిలిప్స్ ఈ స్టూడియో రికార్డులకు తెచ్చిపెట్టిన ప్రతిధ్వని కూడా ఇలాంటి ఉపాయమే: పాటను రెండో టేపు మెషీన్‌కు పంపి, అది రికార్డు చేసి చదివే లోపు జరిగే రవ్వంత ఆలస్యాన్ని మళ్ళీ పాటలో కలిపేవాడు.

గైడ్ ఆ రికార్డు రెండో వైపు వినిపించినప్పుడు మా వాడు ఉలిక్కిపడ్డాడు. అది ‘బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ’. కంట్రీ గాయకుడు బిల్ మన్రో దాన్ని మూడు దెబ్బల వాల్ట్జ్‌గా పాడాడు. “బావా, తిశ్రంలో ఉన్న పాటని పట్టుకొచ్చి చతురశ్రంలో కూర్చోబెట్టేశారు!” అంటూ తొడ మీద లెక్కపెట్టి చూపించాడు. ఒక వైపు బ్లూస్, తిప్పితే కంట్రీ. ఏ వైపూ తన పాత వేషంలో లేదు. మన్రో కూడా అదే ఏడాది ఆ పాటను మళ్ళీ రికార్డు చేస్తూ వాల్ట్జ్‌తో మొదలుపెట్టి నాలుగు దెబ్బల్లోకి దూకాడు.

డీజే డ్యూయీ ఫిలిప్స్ రేడియోలో మొదటి వైపును పదేపదే వేసి, ఎల్విస్‌ను పిలిపించి ఏ స్కూల్లో చదివావని అడిగాడు. హ్యూమ్స్ హైస్కూల్ అన్న జవాబుతో గాయకుడు తెల్లవాడని వినేవాళ్ళకు తెలిసిపోయింది. స్కూళ్ళు రంగును బట్టి విడివిడిగా ఉన్న ఊరు మరి! క్రుడప్‌కు మాత్రం రాయల్టీలు సరిగా అందలేదు, కూలిపని చేసుకుంటూ బతికాడు. టూర్‌లో అది ఒక్క వాక్యంలో దాటిపోయింది, నాకు నచ్చలేదు.

ఆ లోటు తీరేది హైవే 61 మీద దక్షిణంగా గంటన్నర దూరంలోని క్లార్క్స్‌డేల్‌లో. అక్కడి డెల్టా బ్లూస్ మ్యూజియంలో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ ఉన్న చెక్క గుడిసె మిగిలిన భాగం పెట్టారు. దాని ముందు నిలబడితే ఈ పాటలు ఎలాంటి ఇళ్ళలోంచి వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు.

నల్లవాళ్ళ చర్చి పాట, అంటే గాస్పెల్, మ్యూజియంలో దొరకదు. ఆదివారం పొద్దున మెంఫిస్‌లో ఒక నల్లవాళ్ళ చర్చికి వెళ్ళాం. వెనక బెంచీలో కూర్చున్నాం, ఎవరూ ఇబ్బంది పెట్టలేదు, ఒక పెద్దావిడ విసనకర్ర కూడా ఇచ్చింది. నేను ఒకటో దెబ్బకి చప్పట్లు కొడుతున్నాను, చర్చి మొత్తం రెండుకీ నాలుగుకీ కొడుతోంది. పక్కవాళ్ళ చేతులు చూసి దిద్దుకోవడానికి రెండు పాటలు పట్టింది. రాక్ అండ్ రోల్‌లో డ్రమ్ముల మీదికెక్కిన దెబ్బ ఈ చప్పట్లదే. చర్చి పాటకు ఎలక్ట్రిక్ గిటార్ తగిలించిన సిస్టర్ రొజెట్టా థార్ప్ పాట 1945లోనే హిట్టయింది.

మధ్యాహ్నం ట్యూపెలో వెళ్ళాం, వందమైళ్ళు. ఎల్విస్ పుట్టిన రెండు గదుల ఇల్లు అయిదు నిమిషాల్లో అయిపోతుంది. పక్కనే అతను చిన్నప్పుడు వెళ్ళిన చర్చిని తెచ్చి నిలబెట్టారు. లోపల గోడల మీద నాటి ఆరాధనను సినిమాలా చూపిస్తారు. బాగానే తీశారు గానీ, పొద్దున అసలుది చూసి వచ్చినవాళ్ళకు చప్పగా ఉంటుంది. మీరు శనివారమే ట్యూపెలో ముగించండి.

బస విషయంలో దెబ్బతిన్నాం. పాటల క్లబ్బులుండే బీల్ స్ట్రీట్‌కు దగ్గరని డౌన్‌టౌన్ హోటల్ తీసుకుంటే పార్కింగ్‌కు రోజూ వేరే బిల్లు వేశారు. బుకింగ్ పేజీలో ఆ ముక్క అడుగున ఎక్కడో ఉంది. రాత్రి రెండింటి దాకా కింద బ్యాండ్ల మోత. రెండో రాత్రి ఊరి అంచున మామూలు మోటెల్‌కి మారాం. పరుపు మెత్తగా లేదు, కానీ కారు గుమ్మం ముందే, ఫ్రీగా. ఎలాగూ ఈ మూడు ఊళ్ళకూ కారు తప్ప గతి లేదు.