గల్లాపెట్టెలో నగదా, బ్యాంకులో డిపాజిట్టా?

ఆదోనిలో పత్తి కొనే మా మామయ్య హమాలీలకు, ఆటోలకు నెలకు లక్ష రూపాయలు నగదుగా ఇస్తారు. మిగతా డబ్బు ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల డిపాజిట్‌లో ఉంటుంది. నెల మొదట్లోనే లక్షా తెస్తే గల్లాలో సగటున 50 వేలు ఉంటాయి. రెండు విడతలుగా తెస్తే 25 వేలే. కానీ రెండోసారి వెళ్లాలంటే ఆటో, పోయిన పూట కలిపి 120 రూపాయల ఖర్చు.

ఏడాదికి వడ్డీ 4 శాతమైతే, ఆ రెండో విడత మిగిల్చేది నెలకు సుమారు 83 రూపాయలు. దానికోసం బ్యాంకు క్యూలో ఎవరు నిలబడతారు? అదే 8 శాతమైతే 166 మిగులుతాయి, అప్పుడు వెళ్లడమే లాభం. నగదు 50 వేల నుంచి 25 వేలకు దిగింది. ఏ వడ్డీ దగ్గర ఎంత నగదు ఉంచుకుంటామో చూపే డబ్బు డిమాండ్ రేఖ కిందికి వాలేది ఇందుకే: నగదు ఉంచుకోవడానికి మనం కట్టే అద్దె వడ్డీయే. ఇక్కడ మనం ఉన్న రేఖ మీదే జరిగాం.

పత్తి సీజన్ కథ వేరు. నెల ఖర్చు 3 లక్షలవుతుంది. వడ్డీ అదే 8 శాతం, అయినా మూడు విడతలు తెచ్చినా సగటున 50 వేలు గల్లాలో ఉండాల్సిందే. 4 శాతం దగ్గర లెక్కేస్తే రెండు విడతలే గిట్టుబాటు, అంటే 75 వేలు. ఏ వడ్డీ దగ్గర చూసినా నగదు పెరిగింది కాబట్టి రేఖ మొత్తం కుడికి జరిగింది. కూలి రేట్లు, ధరలు పెరిగినా ఇంతే. హమాలీలు ఫోన్‌పే తీసుకుంటే మాత్రం ఎడమకు జరుగుతుంది.

వడ్డీ, సీజన్ ఒకేసారి మారితే గల్లా చూసి కారణం చెప్పలేం. 8 శాతం, సీజన్ కలిస్తే 50 వేలు. 4 శాతం, మామూలు నెల అయినా అదే 50 వేలు!